నెట్ ఆగిపోయిందా? ముందు మీ రౌటర్‌నే పింగ్ చేయండి

నెట్ రావట్లేదు అనగానే మనవాళ్లు చేసే మొదటి పని రౌటర్ స్విచ్ తీసి మళ్లీ వేయడం. దయచేసి ఆ పని చేయకండి. రౌటర్ తిరిగి లేచేసరికి సమస్య కాసేపు మాయమవుతుంది, దాంతో పాటే అది ఎక్కడ ఉందో తెలుసుకునే అవకాశమూ పోతుంది, రాత్రికి మళ్లీ మొదలు.

కాస్త తెలిసినవాళ్లు నేరుగా గూగుల్ సర్వర్ 8.8.8.8 ని పింగ్ చేస్తారు, అంటే ఉన్నావా అని చిన్న సందేశం పంపి జవాబు కోసం చూస్తారు, అది రాకపోతే కంపెనీకి ఫోన్ చేసి తిడతారు. కానీ ఆ పింగ్ మీ ల్యాప్‌టాప్ నుంచి వైఫై మీదుగా రౌటర్‌కి, అక్కడి నుంచి ఫైబర్ మీదుగా బయటికి వెళ్లి అదే దారిలో తిరిగి రావాలి. మధ్యలో ఎక్కడ తెగినా కనిపించేది ఒకటే. కుళాయిలో నీళ్లు రాకపోతే ముందు డాబా ఎక్కి ట్యాంకు చూసుకుంటాం కదా, మున్సిపాలిటీకి ఫోన్ ఆ తర్వాతే. ఇక్కడ ట్యాంకు మీ రౌటర్.

స్పీడ్ టెస్ట్ కూడా వద్దు. అది ఇంట్లోని వైఫైనీ బయటి లైన్‌నీ కలిపేసి ఒక్క అంకె ఇస్తుంది, తప్పు ఎవరిదో చెప్పదు.

రౌటర్ అడ్రస్ కనుక్కోవడం

విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి `ipconfig` కొట్టండి. Default Gateway అన్న చోట ఉన్నదే రౌటర్ అడ్రస్, ఎక్కువగా 192.168.1.1 లేదా 192.168.0.1 లాంటిది. వైఫై వాడుతుంటే Wi-Fi అని ఉన్న భాగంలోనే చూడండి. కొన్ని సిస్టమ్‌లలో ముందు fe80 తో మొదలయ్యే పొడవాటిది ఉంటుంది, దాన్ని వదిలేసి కింద ఉన్న నాలుగు అంకెలది తీసుకోండి. మ్యాక్‌లో `route -n get default`, లినక్స్‌లో `ip route`. ఆఫీసు వీపీఎన్ ఆన్‌లో ఉంటే ముందు ఆపేయండి, లేకపోతే ఇదంతా దండగ.

Gateway ఖాళీగా ఉండి, మీ సొంత అడ్రస్ 169.254 తో మొదలైతే పింగ్ దాకా వెళ్లక్కర్లేదు. మీ సిస్టమ్‌కి రౌటర్ నుంచి అడ్రసే అందలేదు, తప్పు ఇంట్లోనే ఉంది.

పింగ్ చేయడం

```
ping -n 50 192.168.1.1
```

మీ రౌటర్ అడ్రస్ వేసుకోండి. మ్యాక్, లినక్స్‌లలో `-n` బదులు `-c`. విండోస్ మామూలుగా నాలుగుసార్లు పంపి ఆపేస్తుంది, నాలుగు ఏ మూలకూ చాలవు. వైఫై తప్పు వస్తూ పోతూ ఉంటుంది, ఆ నాలుగూ బాగున్న క్షణంలోనే వెళ్లిపోవచ్చు. యాభైకి తక్కువ చేస్తే చేయనట్టే లెక్క.

జవాబు చదవడం: అందరూ బోల్తా పడేది ఇక్కడే

చాలామంది చివర్లో 0% loss అని చూసి రౌటర్ బాగానే ఉందని తేల్చేస్తారు. ఆగండి. విండోస్‌లో ఇలా వచ్చిందనుకోండి:

```
Reply from 192.168.1.7: Destination host unreachable.
```

మొదట్లో Reply అని ఉంది, చివరి లెక్కలో కూడా అన్నీ అందినట్టే, 0% loss అనే చూపిస్తుంది. కానీ జవాబిచ్చిన అడ్రస్ చూడండి. మీరు అడిగింది 192.168.1.1 ని, పలికింది 192.168.1.7. అది మీ ల్యాప్‌టాపే. రౌటర్ ఎక్కడుందో నాకు కనిపించట్లేదు అని మీ సిస్టమే మీకు చెప్తోంది, విండోస్ దాన్ని కూడా జవాబు కింద జమ కట్టేసింది. అందుకే చివరి లైన్ కాదు, ప్రతి లైన్‌లో Reply from తర్వాత ఏ అడ్రస్ ఉందో చదవాలి. అది రౌటర్‌దై ఉండాలి, పక్కనే time అని ఉండాలి. రెండూ ఉంటేనే జవాబు.

తర్వాత టైమ్ చూడండి. కేబుల్ పెట్టి ఉంటే 1 మిల్లీసెకను లోపే, మంచి వైఫై అయితే పదిలోపు ఉండాలి. జవాబులన్నీ వచ్చినా మధ్యమధ్యలో 200, 300 కనిపిస్తుంటే ఆ వైఫై మీద వీడియో కాల్ సాగదు.

అలాగని ఒకటి రెండు పెద్ద అంకెలకే వైఫైని ఉరి తీయకండి. కొన్ని రౌటర్లు తమకే వచ్చిన పింగ్‌కి తీరిగ్గా జవాబిస్తాయి, మిగతా ట్రాఫిక్‌ని మాత్రం వెంటనే పంపేస్తాయి. తేల్చుకోవడానికి రెండు విండోలు పక్కపక్కన తెరిచి ఒకదాంట్లో రౌటర్‌ని, ఇంకోదాంట్లో 8.8.8.8 ని ఒకేసారి పింగ్ చేయండి. 8.8.8.8 పింగ్ కూడా ఆ వైఫై మీదుగా, ఆ రౌటర్‌లోంచే వెళ్లాలి కదా. అది నిలకడగా ఉండి రౌటర్ మాత్రమే ఎగురుతుంటే పట్టించుకోనక్కర్లేదు. రెండూ ఒకేసారి ఎగిరితే తప్పు ఇంట్లోదే. రౌటర్ అసలు పలకదు గానీ 8.8.8.8 పలుకుతోందంటే ఆ రౌటర్‌లో పింగ్‌కి జవాబివ్వడం ఆపేసి ఉంటుంది, అంతే.

మా బాబాయి వాళ్ల ఫ్లాట్‌లో ఇదే చేశాం. సాయంత్రమైతే చాలు, వెనక బెడ్‌రూమ్‌లో కాల్స్ తెగిపోయేవి, లైన్ బాలేదని ఆయన గట్టి నమ్మకం. ఆ గదిలోంచి రౌటర్‌ని పింగ్ చేస్తే 4, 6, 210, తర్వాత Request timed out, మళ్లీ 380. పక్క విండోలో 8.8.8.8 కూడా సరిగ్గా అప్పుడే తడబడుతోంది. అదే ల్యాప్‌టాప్ హాల్లో రౌటర్ పక్కన పెడితే రౌటర్ 2, 3 లోనే పలికింది, 8.8.8.8 కూడా 22 నుంచి 25 మధ్య కదలకుండా ఉంది. అంటే లైన్‌కి ఏ రోగమూ లేదు. రౌటర్ టీవీ వెనక దాక్కుని ఉంది, పైగా సాయంత్రం చుట్టుపక్కల ఫ్లాట్ల వైఫైలన్నీ అదే ఛానల్ మీద. రౌటర్‌ని అల్మారా పైకి మార్చి, 2.4 గిగాహెర్ట్జ్ ఛానల్‌ని ఆటో నుంచి తీసి ఖాళీగా ఉన్న 11 మీద పెట్టి, మళ్లీ ఆ బెడ్‌రూమ్ నుంచే యాభై పింగ్‌లు పంపాం. అన్నీ పదిలోపే. ఛానల్ 1, 6, 11 లలోనే ఎంచుకోండి, మధ్యలోవి పెడితే రెండు వైపుల వాళ్లతోనూ గొడవే.

రౌటర్ బాగా పలికితే

అప్పుడు 8.8.8.8 వైపు చూడండి. రౌటర్ శుభ్రంగా పలుకుతూ అది పలకకపోతే తప్పు రౌటర్ దగ్గరో, దాని అవతలో ఉంది. ఫైబర్ పెట్టె విడిగా ఉంటే రౌటర్‌కీ దానికీ మధ్య ఉన్న కేబుల్ కూడా అవతలి కిందే లెక్క, ముందు దాన్ని గట్టిగా నొక్కి చూడండి. పెట్టె మీద ఎల్‌ఓఎస్ లైటు ఎర్రగా ఉంటే ఫైబర్‌లో వెలుతురు రావట్లేదు, ఇక వాళ్లు రావాల్సిందే. ఎర్ర లైటు లేకపోతే ఇప్పుడు కావాలంటే రౌటర్‌ని ఒక్కసారి ఆపి వేయండి, అయినా రాకపోతే ఫోన్ చేయండి. రీస్టార్ట్ చేయమని మళ్లీ అడుగుతారు, అయిపోయిందని చెప్పి, రౌటర్ పింగ్ అవుతోంది, 8.8.8.8 అవట్లేదు అనండి.

8.8.8.8 కూడా పలుకుతూ `ping google.com` మాత్రం could not find host అంటే లైన్ బాగుంది, పేర్లని అడ్రస్‌లుగా మార్చే డీఎన్‌ఎస్ దెబ్బతింది. వైఫై సెట్టింగ్స్‌లో డీఎన్‌ఎస్ దగ్గర 8.8.8.8 వేస్తే సరిపోతుంది.