పాయింట్ల పట్టిక ఫోటోను షీట్‌లోకి ఎక్కించి లెక్క మళ్లీ వేయడం ఎలా?

బెంగళూరులో వైట్‌ఫీల్డ్ వైపు మా అపార్ట్‌మెంట్లో తెలుగువాళ్లం ఆడుకునే టెన్నిస్ బాల్ లీగ్ ఒకటుంది. ఎనిమిది ఓవర్ల మ్యాచ్‌లు, బ్లాకుకో జట్టు. లీగ్ దశ అయిపోయిన ఆదివారం రాత్రి వాట్సాప్ గ్రూపులో పాయింట్ల పట్టిక ఫోటో పడింది. పైన ఉన్న రెండు జట్లే ఫైనల్‌కి. పది నిమిషాల్లో రావి బ్లాక్ కెప్టెన్ నుంచి ఫోన్: "అన్నా, మేమూ రెండు గెలిచాం, వాళ్లూ రెండే గెలిచారు. మమ్మల్ని మూడో స్థానంలో ఎందుకేశారు?" ఫోటో చూస్తూ దానికి జవాబు చెప్పలేం. అందులోని అంకెల్ని గూగుల్ షీట్‌లోకి తెచ్చి మొదటి నుంచి లెక్క వేస్తేనే తెలుస్తుంది. ఆ రాత్రి నేను చేసిన పనే ఇక్కడ వరసగా చెబుతున్నాను.

ఫోటోలో ఉన్నది ఇది. అంకెలు వరసగా ఆడినవి, గెలిచినవి, ఓడినవి, టై లేదా రద్దు, కొట్టిన పరుగులు/ఓవర్లు, ఇచ్చిన పరుగులు/ఓవర్లు, పాయింట్లు, నెట్ రన్ రేట్. నెట్ రన్ రేట్ అంటే సగటున ఓవర్‌కి కొట్టిన పరుగుల్లోంచి ఓవర్‌కి ఇచ్చిన పరుగులు తీసేస్తే వచ్చేది.

```
వేప     3 2 1 0  246/24.0  203/23.4  4  +1.575
మర్రి    3 2 1 0  204/21.7  196/23.2  4  +0.953
రావి     3 2 1 0  197/21.3  209/22.3  4  -0.123
మామిడి  3 0 3 0  186/24.0  225/22.1  0  -2.431
```

ముందు అంకెల్ని బయటికి తీయాలి

పట్టిక ఇంత చిన్నదైతే చేత్తో టైప్ చేయడమే మేలు, ఐదు నిమిషాల పని. పది, పన్నెండు జట్లుంటే ఫోన్లోని ఎక్సెల్ యాప్‌లో Data from Picture వాడండి, అది అంకెల్ని గడులవారీగా ఇస్తుంది. గూగుల్ డ్రైవ్‌లో ఫోటో పెట్టి Google Docs తో తెరిచినా అక్షరాలు వస్తాయి గానీ, నిలువు వరసలు చెదిరిపోతాయి. ఏ దారిలో వెళ్లినా, ఫోటోను గ్రూపులో పెట్టినవాళ్లని అడిగి డాక్యుమెంట్‌గా పంపించుకోండి. వాట్సాప్ కుదించిన ఫోటోలో చుక్క మాయమై 22.1 కాస్తా 221 అవుతుంది, గీత ఒకటిలా కనబడి 204/21.7 కాస్తా 204121.7 అవుతుంది.

షీట్‌లో రెండు ట్యాబులు పెట్టుకోండి, raw, calc అని. ఫోటోలో ఉన్నది ఉన్నట్టుగా, తప్పులతో సహా, raw లో రెండో అడ్డువరస నుంచి దింపండి. పరుగులు/ఓవర్లు ఉండే F, G నిలువు వరసలకు మాత్రం అతికించే ముందే Format > Number > Plain text పెట్టండి. లేకపోతే 12/8 లాంటిది కనబడగానే షీట్ దాన్ని తేదీగా మార్చేస్తుంది, ఆ తర్వాత అసలు అంకె వెనక్కి రాదు. మిగతా వరసలకు మాత్రం ఈ పని చేయకండి. టెక్స్ట్‌గా మారిన అంకెల్ని SUM పట్టించుకోదు.

calc లో A నుంచి E దాకా raw నుంచి అలాగే తెచ్చుకుని, F2 లో మొదటి ఫార్ములా, H2 లో రెండోది పెట్టి కిందికి లాగండి.

```
=SPLIT(raw!F2,"/")
=SPLIT(raw!G2,"/")
```

కొట్టిన పరుగులు, ఆడిన ఓవర్లు F, G లోకి, ఇచ్చిన పరుగులు, వేసిన ఓవర్లు H, I లోకి విడిపోతాయి. J లో పాయింట్లు: గెలుపుకి రెండు, టైకి లేదా రద్దుకి ఒకటి.

```
=C2*2+E2
```

ఇది ఫోటోలోని పాయింట్లతో కలవకపోతే వెంటనే నిర్వాహకుడి మీద విరుచుకుపడకండి. బోనస్ పాయింటో, ఆలస్యంగా వచ్చినందుకు కోతో ఉండొచ్చు, ముందు అడగండి. మా పట్టికలో పాయింట్లు కలిశాయి. గొడవంతా ఆఖరి వరసలోనే.

ఓవర్ల చుక్క దశాంశం కాదు

మర్రి బ్లాక్ ఆడిన ఓవర్లు 21.7 అని ఉంది. ఓవర్‌కి ఆరు బంతులు. ఇరవై ఒక్క ఓవర్ల ఏడు బంతులు ఎక్కడైనా ఉంటాయా? చుక్క తర్వాత 6, 7, 8, 9 ఏది కనబడినా, ఎవరో ఓవర్లని మామూలు అంకెల్లా కూడేశారని అర్థం. ఇక్కడ 6.3, 7.4, 8 కలిపి 21.7 చేశారు. అక్కడితో ఆగకుండా 204ని 21.7తో భాగించారు. 7.4 అంటే ఏడు ఓవర్ల నాలుగు బంతులు, అంటే ఏడూ, మూడింట రెండు వంతుల ఓవర్లు. దాన్ని ఏడు పాయింట్ నాలుగుగా భాగిస్తే రన్ రేట్ ఉన్నదానికంటే ఎక్కువ వస్తుంది. ఛేజ్ చేసి ముందే గెలిచిన ప్రతి జట్టు లెక్కలోనూ ఈ తేడా దూరుతుంది.

అందుకే ఓవర్లని వదిలేసి అన్నీ బంతుల్లోకి మార్చాలి. K లో కొట్టినప్పటివి, L లో ఇచ్చినప్పటివి.

```
=INT(G2)*6+ROUND(MOD(G2,1)*10,0)
=INT(I2)*6+ROUND(MOD(I2,1)*10,0)
```

ROUND ఎందుకంటే, 21.7 లోంచి 21 తీసేస్తే కంప్యూటర్ లోపల మిగిలేది 0.7 కంటే వెంట్రుకవాసి తక్కువ ఉండొచ్చు. దాన్ని కత్తిరిస్తే ఒక బంతి గల్లంతు. మర్రి బ్లాక్‌కి 133 బంతులొచ్చాయి. 6.3లో 39, 7.4లో 46, మూడో మ్యాచ్‌లో 48 కలిపినా అంతే.

ఇప్పుడొక పరీక్ష. లీగ్‌లో ఒకరు కొట్టిన ప్రతి పరుగూ ఇంకొకరు ఇచ్చిందే. కాబట్టి అన్ని జట్లూ కొట్టిన పరుగుల మొత్తం, ఇచ్చిన పరుగుల మొత్తం సమానం కావాలి. బంతులూ అంతే.

```
=SUM(F2:F5)-SUM(H2:H5)
=SUM(K2:K5)-SUM(L2:L5)
```

రెండూ సున్నా రావాలి. మా పట్టికలో పరుగులు 833, 833. బంతులు 550, 550. రాకపోతే ఫోటోలోంచి ఏదో అంకె తప్పు దిగిందన్నమాట, వచ్చిన తేడాయే దాన్ని పట్టిస్తుంది. సరిగ్గా 90 తేడా వస్తే 9 బదులు సున్నా చదివిన చోటు వెతకండి.

పట్టికలో కనబడని తప్పు

బంతుల్లోకి మార్చాక కూడా మర్రి +0.803, రావి -0.126. స్థానాలు మారలేదు. నేనూ ఇక్కడే ఆగిపోయి "లెక్క కరెక్టే తమ్ముడూ" అనేసేవాణ్ణి. కానీ మర్రి బ్లాక్ ఒక మ్యాచ్‌లో 6.3 ఓవర్లే ఆడిందన్నది నన్ను ఆపింది. ఛేజ్ చేసి గెలిచి ఉండాలి, లేదా ఆలౌటై ఉండాలి. స్కోర్‌షీట్ తీయించాను: రావి బ్లాక్ మీద మొదట బ్యాటింగ్ చేసి 61కి ఆలౌట్.

క్రికెట్‌లో నెట్ రన్ రేట్ నియమం ప్రకారం ఆలౌటైన జట్టు తన కోటా ఓవర్లన్నీ ఆడినట్టే లెక్క. లేకపోతే గబగబా పది వికెట్లు పారేసుకున్నవాళ్లకి రన్ రేట్ పెరుగుతుంది, వాళ్లని పడగొట్టిన బౌలర్లకి తగ్గుతుంది. మర్రి 6.3 ఓవర్లకి ఆలౌటైనా ఎనిమిది ఓవర్లు, 48 బంతులు లెక్కలోకి రావాలి. తక్కువ పడ్డవి తొమ్మిది. ఈ తప్పు రెండు వైపులా ఒకేలా ఉంటుంది కాబట్టి పై పరీక్షలో సున్నాయే వస్తుంది. పట్టిక ఎంత గిలకొట్టినా ఇది బయటపడదు, మ్యాచ్ స్కోర్లు చూడాల్సిందే.

దీనికి M, N అని రెండు వరసలు వదలండి. ఆలౌటైన జట్టుకి M లో, దాని ప్రత్యర్థికి N లో లోటు బంతులు వేయండి. మాకు మర్రి వరసలో M3 లో 9, రావి వరసలో N4 లో 9. వాన పడి మ్యాచ్‌ని ఆరు ఓవర్లకి కుదిస్తే కోటా కూడా ఆరే. ఫలితం తేలకుండా రద్దయిన మ్యాచ్ పరుగులు, బంతులు అసలు కలపకూడదు. ఇక O లో నెట్ రన్ రేట్:

```
=ROUND(F2*6/(K2+M2)-H2*6/(L2+N2),3)
```

వేప +1.673, మర్రి +0.220, రావి +0.454, మామిడి -2.400. రెండో స్థానం రావిది.

సమానమైతే ఎవరు ముందు?

మూడు జట్లకీ నాలుగేసి పాయింట్లు. "వాళ్లని మేం ఓడించాం కదా" అన్న వాదన మొదట రావి వైపు నుంచే వచ్చింది. కానీ వేప రావిని గెలిచింది, రావి మర్రిని గెలిచింది, మర్రి వేపని గెలిచింది. ముగ్గురి మధ్య మ్యాచ్‌లే తీసి చూసినా అందరికీ రెండేసి పాయింట్లు. ముఖాముఖి ఫలితం ఇద్దరే సమానమైనప్పుడు తేలుస్తుంది, ముగ్గురైతే ఇలా గుండ్రంగా తిరగొచ్చు. ఏది ముందు చూడాలన్నది లీగ్ నియమం, షీట్ నిర్ణయించేది కాదు. ఐపీఎల్‌లో 2024 మే 18న మన చిన్నస్వామిలో చెన్నై మీద బెంగళూరు 27 పరుగులతో గెలిచి పద్నాలుగు పాయింట్లకి చేరాక, చెన్నైకీ అన్నే ఉన్నా బెంగళూరుని ప్లేఆఫ్‌కి పంపింది నెట్ రన్ రేటే. స్పెయిన్ ఫుట్‌బాల్ లీగ్ లా లిగాలో అయితే ముందు చూసేది ముఖాముఖి ఫలితాలే.

మా లీగ్ నియమం నెట్ రన్ రేట్. P లో స్థానం:

```
=1+COUNTIF(J$2:J$5,">"&J2)+COUNTIFS(J$2:J$5,J2,O$2:O$5,">"&O2)
```

నాకంటే ఎక్కువ పాయింట్లున్నవాళ్లెందరు, సమాన పాయింట్లుండి ఎక్కువ రన్ రేట్ ఉన్నవాళ్లెందరు అని లెక్కపెట్టి ఒకటి కలుపుతుందంతే. O లో ROUND లేకుండా వదిలితే ఈ పోలికలో పొడవాటి దశాంశాలు తెగి, ఒక జట్టు తనకంటే తానే పెద్దదైపోయే వింత జరగొచ్చు. రన్ రేట్ కూడా సమానమైతే రెండు జట్లకీ ఒకే స్థానం కనబడుతుంది. అలాగే ఉంచి టాస్ వేయించండి. SORT తో పేర్చి పైనున్నవాళ్లని పంపించకండి, అక్కడ సమానమైనవాళ్లలో ముందుకొచ్చేది మీరు ముందు టైప్ చేసిన జట్టే.

షీట్ లింకుని చూడ్డానికి మాత్రమే వీలుండేలా గ్రూపులో పెట్టాను. మర్రి కెప్టెన్ అడిగిన మొదటి ప్రశ్న, "ఈ తొమ్మిది బంతులు ఎక్కణ్ణుంచి వచ్చాయి బ్రదర్?" అప్పటికే M3 గడి మీద కామెంట్‌లో రాసి ఉంచాను: 61 ఆలౌట్, 6.3 ఓవర్లు, కోటా 8. పక్కనే ఆ స్కోర్‌షీట్ ఫోటో లింకు.