శనివారం రాత్రి వీపీఎన్ మెయింటెనెన్స్, తర్వాత ఇలా కనెక్ట్ అవ్వండి

అందరికీ, ఈ శనివారం రాత్రి 11 నుంచి 2 దాకా వీపీఎన్ ఉండదు, గేట్‌వేని కొత్త సర్వర్‌కి మారుస్తున్నాం. షేర్డ్ డ్రైవ్‌లో ఫైల్స్ ఏమైనా తెరిచుంటే 10:45కల్లా సేవ్ చేసి క్లోజ్ చేసేయండి, మధ్యలో లైన్ తెగితే రాసింది పోతుంది.

ఆదివారం పొద్దున్న కనెక్ట్ అవ్వకపోతే పాస్‌వర్డ్ మళ్లీ మళ్లీ కొట్టకండి ప్లీజ్. పోయినసారి గాజువాక నుంచి పనిచేసే ఒకతను అలాగే కొడుతూ కూర్చున్నాడు, తీరా చూస్తే పాస్‌వర్డ్ తప్పేం కాదు, పేరు అదే ఉన్నా సర్వర్ ఐపీ మారింది, అతని ల్యాప్‌టాప్ ఇంకా పాతదాన్నే గుర్తుపెట్టుకుని అక్కడికే వెళ్తోంది. పాస్‌వర్డ్ తప్పని రాకుండా, చాలాసేపు తిరిగి సర్వర్ దొరకట్లేదని వస్తే మీదీ అదే అనుకోండి.

అప్పుడు విండో మూస్తే చాలదు, కింద గడియారం పక్కనున్న వీపీఎన్ ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి పూర్తిగా క్విట్ చేయండి, తర్వాత విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇది కొట్టండి:

```
ipconfig /flushdns
```

మళ్లీ వీపీఎన్ తెరిచి లాగిన్ అవ్వండి. అయినా అదే వస్తే ఒకసారి మొబైల్ హాట్‌స్పాట్ మీద ట్రై చేయండి, అక్కడ కనెక్ట్ అయితే మీ ఇంటి రౌటర్‌లోనే పాత అడ్రస్ ఉండిపోయినట్టు, దాన్ని ఆపి ఆన్ చేయండి.