బ్యాంకు లాకర్ తీసుకోవడం ఎలా? పోతే బ్యాంకు ఎంత ఇస్తుంది?

కర్నూలులో బంగారం గురించి మాట వస్తే 2009 అక్టోబరు వరదను తలచుకోనివారు తక్కువ. తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరిని ముంచిన తర్వాత, నగలు ఇంట్లో ఉంచడం కన్నా లాకర్‌లో పెట్టడమే మేలన్న నమ్మకం చాలామందిలో బలపడింది. దొంగల భయానికైతే ఆ నమ్మకం సరైనదే. వరద విషయంలో మాత్రం ఒప్పందం ఏం చెబుతుందో తెలుసుకున్నాకే సంతకం పెట్టండి.

మొదట, దరఖాస్తు ఇవ్వండి. లాకర్లు ఖాళీ లేవంటే వెయిటింగ్ లిస్టులో మీ సంఖ్య రాసిన రసీదు ఇవ్వాలి, అడిగి తీసుకోండి. లాకర్ కేటాయించేటప్పుడు బ్యాంకు ఫిక్స్‌డ్ డిపాజిట్ అడగవచ్చు. అయితే అది మూడేళ్ల అద్దె, అవసరమైతే లాకర్ పగలగొట్టే ఖర్చు కలిపినంత వరకే. లక్షల డిపాజిట్ చేస్తేనే లాకర్ అంటే, ఈ పరిమితిని గుర్తుచేసి లెక్క చూపమని అడగండి.

తర్వాతిది స్టాంపు పేపరు మీద ఒప్పందం. దాని ప్రతి ఒకటి మీకు ఇవ్వాలి. అందులో రెండు చోట్ల ఆగి చదవండి. ఒకటి, ఏం పెట్టవచ్చన్నది. నగలు, ఆస్తి పత్రాల వంటి విలువైన వస్తువులు పెట్టవచ్చు. నగదు పెట్టకూడదు. ఇది చాలామందికి తెలియదు, పొలం అమ్మిన డబ్బు కట్టలుగా తెచ్చి పెట్టేవారూ ఉంటారు. ఆయుధాలు, పేలుడు పదార్థాలు, మత్తుమందులు, పాడైపోయే సరుకు కూడా నిషేధమే.

రెండోది బ్యాంకు బాధ్యత, అసలు విషయం ఇక్కడే ఉంది. లోపల ఏముందో బ్యాంకుకు తెలియదు, జాబితా రాసుకోదు, వాటికి బీమా చేయదు. అందుకే పోయిన వస్తువు విలువను బట్టి కాక, అద్దెను బట్టి పరిహారం నిర్ణయించారు. 2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాలు 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం అగ్నిప్రమాదం, దొంగతనం, దోపిడీ, భవనం కూలడం, లేదా బ్యాంకు ఉద్యోగుల మోసం వల్ల నష్టం జరిగితే, ఏడాది అద్దెకు వంద రెట్లు బ్యాంకు ఇవ్వాలి.

లెక్క వేసి చూద్దాం. ఏడాది అద్దె రెండు వేలు, లోపల ఇరవై తులాల బంగారం అనుకుందాం. గ్రాము పది వేల చొప్పున, తులానికి పది గ్రాములుగా చూస్తే దాని విలువ 20 లక్షలు. లాకర్‌లో దొంగలు పడితే వంద రెట్ల లెక్కన వచ్చేది రెండు లక్షలు. మిగతా 18 లక్షలకు ఈ సూత్రంలో చోటు లేదు.

వరద వస్తే? భూకంపం, వరద, పిడుగు, ఉరుముల గాలివాన వంటి ప్రకృతి వైపరీత్యాల వల్ల జరిగిన నష్టానికి, మీ సొంత నిర్లక్ష్యం వల్ల జరిగినదానికి బ్యాంకు బాధ్యత వహించదు. అయినా అలాంటి విపత్తుల నుంచి లాకర్లను కాపాడేందుకు తగిన జాగ్రత్తలు తీసుకోవలసింది బ్యాంకే. కాబట్టి నది ఒడ్డున, పల్లపు ప్రాంతంలో ఉన్న శాఖ అయితే లాకర్ గది ఏ అంతస్తులో ఉందో చూసి ఎంచుకోండి. నా ఉద్దేశంలో కర్నూలులో అద్దె తేడా కన్నా ఇదే ముఖ్యం. ఆస్తి పత్రాలను నీరు తగలని కవర్లలో పెట్టండి.

మిగిలిన లోటుకు నగల బీమా విడిగా తీసుకోవాలి. లోపలి వస్తువులకు బీమాను బ్యాంకు అమ్మకూడదు, అందుకని బీమా సంస్థ దగ్గరికే వెళ్లండి. లాకర్‌లో ఉన్నప్పుడు కూడా వర్తిస్తుందా, వరదకు వర్తిస్తుందా అని రాతపూర్వకంగా అడగండి. ప్రతి నగకూ ఫోటో, తూకం, కొనుగోలు రసీదు ఇంట్లో వేరే చోట ఉంచండి. లోపల ఏముండేదో చెప్పగలిగేది మీరే.

నామినీ పేరు అదే రోజు రాయించండి. వరుసగా మూడేళ్లు అద్దె కట్టకపోతే, నోటీసులిచ్చి లాకర్ పగలగొట్టే హక్కు బ్యాంకుకు ఉంది. అద్దె కడుతున్నా ఏడేళ్లు తెరవకుండా, మీ ఆచూకీ దొరక్కపోతే కూడా అంతే. గల్ఫ్‌లో ఉన్న కడప, అనంతపురం వాసులు ఫోను నంబరు, చిరునామా మారినప్పుడల్లా బ్యాంకుకు తెలపాలి.

లాకర్ తెరిచిన రోజు ముగిసేలోగా బ్యాంకు ఎస్సెమ్మెస్, ఈమెయిల్ పంపాలి. మీరు వెళ్లని రోజు అది వస్తే వెంటనే మేనేజరుకు రాసి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి, పోలీసులకు ఫిర్యాదు చేయండి. లాకర్ గది సీసీ కెమెరా రికార్డును కనీసం 180 రోజులు ఉంచాలి. ఫిర్యాదు వస్తే దర్యాప్తు, వివాదం తేలేవరకు దాన్ని భద్రపరచాలి. అందుకే ఆ రికార్డు మాట కూడా మీ ఫిర్యాదులో రాయండి. 30 రోజుల్లో బ్యాంకు జవాబివ్వకపోతే, లేదా జవాబు సరిగా లేకపోతే, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు.