ట్రీ బ్యాలెన్స్ అయింది, మార్కులు మాత్రం పోయాయి: ఏవీఎల్, రెడ్-బ్లాక్ ఇన్సర్షన్‌లో ఎక్కడ తప్పుతాం

జూనియర్లు ప్రాక్టీస్ చేసిన ఆన్సర్ షీట్లు చూస్తే ఒకటి అర్థమవుతుంది. రూల్స్ అందరికీ నోటికి వస్తాయి. తప్పేది వాటిని వరుసగా వాడే దగ్గర. పైగా ముందు ఏవీఎల్ నేర్చుకున్న చేయి రెడ్-బ్లాక్ ట్రీ మీద కూడా అదే అలవాటుతో పనిచేస్తుంది. అందుకే ఒకే కీల వరుసను రెండింటిలోనూ పెట్టి, ఎక్కడ ఏ పొరపాటు దొర్లుతుందో చూద్దాం. మన వరుస ఇది: 50, 30, 70, 20, 10, 25. చివర్లో ఇంకో రెండు కీలు కలుపుతాం. పక్కన కాగితం పెట్టుకుని గీస్తూ చదవండి, లేకపోతే మూడో సమస్య దగ్గర దారి తప్పుతారు.

సమస్య 1: ఏవీఎల్ ట్రీ బ్యాలెన్స్‌గానే ఉంది, అయినా ఆన్సర్ తప్పు అంటున్నారు

50, 30, 70, 20 వరకు ఏ గొడవా లేదు. 10 పెట్టగానే ఎడమవైపు బరువు పెరుగుతుంది. బ్యాలెన్స్ ఫ్యాక్టర్ అంటే ఎడమ ఎత్తులోంచి కుడి ఎత్తు తీసేయడం. లెక్క వేస్తే 30 దగ్గర +2 వస్తుంది, 50 దగ్గర కూడా +2 వస్తుంది. ఒకేసారి రెండు నోడ్లు తప్పాయి. చాలామంది కన్ను రూట్ మీద పడుతుంది కాబట్టి 50 దగ్గర కుడివైపు తిప్పేస్తారు. అప్పుడు రూట్ 30 అవుతుంది, దాని ఎడమన 20, దాని కింద 10, కుడిన 50, దాని కింద 70. చెక్ చేస్తే ప్రతి నోడూ బ్యాలెన్స్‌గానే ఉంటుంది. అక్కడే మోసపోతాం.

కారణం: ప్రశ్న అడిగింది "ఏదో ఒక ఏవీఎల్ ట్రీ గీయండి" అని కాదు, ఈ వరుసలో ఇన్సర్ట్ చేస్తే వచ్చే ట్రీ గీయమని. పద్ధతి ప్రకారం కొత్త నోడ్ దగ్గర నుంచి పైకి ఎక్కుతూ వెళ్లి, మొదట కనిపించిన తప్పు నోడ్ దగ్గరే తిప్పాలి. ఇక్కడ అది 30.

పరిష్కారం: 30 దగ్గర ఒక్క కుడి రొటేషన్ చేస్తే 20 పైకి వచ్చి 10, 30 దాని పిల్లలవుతాయి. ఆ సబ్‌ట్రీ ఎత్తు 10 పెట్టకముందు ఎంత ఉందో మళ్లీ అంతే అయింది కాబట్టి 50 దానంతట అదే సర్దుకుంటుంది. దాన్ని ముట్టుకోనక్కర్లేదు. ఇన్సర్షన్‌కి ఒకచోట సరిచేస్తే చాలు అనడానికి కారణం ఇదే.

ఇప్పుడు 25. అది 50, 20, 30 మీదుగా దిగి 30కి ఎడమన చేరుతుంది. కింద నుంచి చూస్తే 30 దగ్గర +1, 20 దగ్గర -1, 50 దగ్గర +2. ఈసారి తప్పు 50 దగ్గరే. 50 నుంచి కొత్త కీ వైపు మొదటి అడుగు ఎడమకి, రెండోది కుడికి పడింది కాబట్టి ఇది ఎల్ఆర్ కేసు. ముందు 20 దగ్గర ఎడమకి, తర్వాత 50 దగ్గర కుడికి తిప్పాలి.

```
      30
     /  \
   20    50
  /  \     \
10    25    70
```

సమస్య 2: రెడ్-బ్లాక్‌లో కూడా ఏవీఎల్‌కి వచ్చిన ఆకారమే వస్తోంది

ఆకారం కలిసిందని సంతోషపడకండి. ఈ ఆరు కీలకీ రెండు ఆకారాలూ వేరుగా రావాలి. ఒకేలా వచ్చాయంటే మీరు రెడ్-బ్లాక్ ట్రీకి ఎత్తులు లెక్కపెట్టి, చివర్లో రంగులు వేశారని అర్థం.

రెడ్-బ్లాక్ ట్రీకి ఎత్తు కనపడదు. దానికి కనపడేవి రెండే: ఎరుపు కింద ఎరుపు ఉందా, ప్రతి దారిలోనూ నలుపుల లెక్క ఒకటేనా. కొత్త నోడ్‌ని ఎరుపుగానే పెడతాం. నలుపుగా పెడితే ఆ ఒక్క దారిలో నలుపు పెరిగి మొత్తం లెక్క చెడుతుంది. ఎరుపుగా పెడితే మహా అయితే పేరెంట్‌తో గొడవ, అంతే. ఆ గొడవ వచ్చినప్పుడు చూడాల్సింది అంకుల్ రంగు. ఈ అంకుల్ అంటే పేరెంట్‌కి తోడబుట్టిన నోడ్, మన లెక్కలో బాబాయో పెదనాన్నో, మేనమామ మాత్రం కాదు. సబ్‌ట్రీలో అటువైపు ఏమీ లేకపోతే నిల్‌ని నలుపుగా లెక్కేయాలి.

మన వరుసలో 20 పెట్టినప్పుడు పేరెంట్ 30 ఎరుపు, అంకుల్ 70 కూడా ఎరుపు. అంకుల్ ఎరుపైతే రొటేషన్ ఉండదు. 30, 70 నలుపవుతాయి, 50 ఎరుపై, రూట్ కాబట్టి వెంటనే నలుపవుతుంది. 10 పెట్టినప్పుడు పేరెంట్ 20 ఎరుపు, అంకుల్ నిల్, అంటే నలుపు. 30, 20, 10 ఒకే గీతలో ఉన్నాయి. 30 దగ్గర కుడికి తిప్పి 20ని నలుపు, 30ని ఎరుపు చేస్తాం. ఇక్కడి వరకు ఏవీఎల్ ఆకారమూ ఇదే.

విడిపోయేది 25 దగ్గర. పేరెంట్ 30 ఎరుపు, అంకుల్ 10 కూడా ఎరుపు. ఏవీఎల్ అలవాటు ఇక్కడే రెండు రొటేషన్లు చేయిస్తుంది. నిజానికి చేయాల్సింది రంగులు మార్చడమే: 10, 30 నలుపు, 20 ఎరుపు. 20కి పేరెంట్ అయిన 50 నలుపే కాబట్టి పని అయిపోయింది.

```
         50B
        /   \
     20R     70B
    /   \
 10B     30B
        /
     25R
```

50కి ఎడమన మూడు అంతస్తులు, కుడిన ఒకటి. ఏవీఎల్ దీన్ని ఒప్పుకోదు. రెడ్-బ్లాక్‌కి మాత్రం ఇది నూటికి నూరుపాళ్లు సరైన ట్రీ. చెక్ చేయడం ఎలా? రూట్ నుంచి ప్రతి నిల్ వరకు నడిచి, నిల్‌ని పక్కనపెట్టి నలుపులు లెక్కపెట్టండి. ఇక్కడ ఏ దారిలో వెళ్లినా రెండే వస్తాయి.

సమస్య 3: రంగులు మార్చేశా, అయినా ఎరుపు కింద ఎరుపు మిగిలింది

నేను చూసిన వాటిలో ఎక్కువ మార్కులు పోయేది దీని దగ్గరే. ఇది కనపడాలంటే పై ట్రీలో 27, తర్వాత 28 పెట్టాలి.

27 వెళ్లి 25కి కుడిన చేరుతుంది. పేరెంట్ 25 ఎరుపు, అంకుల్ నిల్. 30 నుంచి ఎడమకి 25, అక్కడి నుంచి కుడికి 27, అంటే గీత వంకర పోయింది. 25 దగ్గర ఎడమకి తిప్పి, 30 దగ్గర కుడికి తిప్పుతాం. 27 నలుపు, దాని పిల్లలు 25, 30 ఎరుపు.

28 వెళ్లి 30కి ఎడమన చేరుతుంది. పేరెంట్ 30 ఎరుపు, అంకుల్ 25 ఎరుపు. రంగు మారుస్తాం: 25, 30 నలుపు, 27 ఎరుపు. చాలామంది ఇక్కడ పెన్ను కింద పెడతారు. కానీ 27 పైన ఉన్న 20 ఎరుపు! ఇందాక 25 పెట్టినప్పుడు మనమే దాన్ని ఎరుపు చేశాం.

కారణం: రంగు మార్చడం గొడవను తీర్చదు, రెండు మెట్లు పైకి పంపిస్తుంది. పైన అదృష్టం బాగుండి పేరెంట్ నలుపైతే అక్కడితో ఆగుతుంది, లేకపోతే మళ్లీ మొదలు.

పరిష్కారం: రంగు మార్చిన ప్రతిసారీ గ్రాండ్‌పేరెంట్‌ని కొత్తగా పెట్టిన నోడ్ అనుకుని మళ్లీ అడగండి. ఇప్పుడు 27 మన నోడ్, పేరెంట్ 20 ఎరుపు, అంకుల్ 70 నలుపు. 50 నుంచి ఎడమకి 20, కుడికి 27, మళ్లీ వంకరే. ఇక్కడ తొందరపడి 50 దగ్గర ఒక్కసారే కుడికి తిప్పితే 27 వెళ్లి 50 కింద పడుతుంది. 50 ఎరుపు, 27 ఎరుపు, గొడవ అలాగే ఉంటుంది. వంకరను ముందు గీతగా మార్చకుండా తిప్పారనడానికి గుర్తు అదే. ముందు 20 దగ్గర ఎడమకి, తర్వాత 50 దగ్గర కుడికి తిప్పి, పైకొచ్చిన 27ని నలుపు, కిందికి దిగిన 50ని ఎరుపు చేయాలి.

```
           27B
         /     \
      20R       50R
     /   \     /   \
  10B   25B  30B   70B
             /
          28R
```

ఏవీఎల్‌లో ఇవే రెండు కీలు పెడితే 27కి ఏ మార్పూ ఉండదు, 28కి 25 దగ్గర ఒక్క ఎడమ రొటేషన్‌తో సరిపోతుంది. రూట్ 30గానే మిగులుతుంది.

సమస్య 4: తేడాలు రాయమంటే "రెడ్-బ్లాక్ ఇన్సర్షన్‌కి రొటేషన్లు తక్కువ" అని రాస్తే సగం మార్కులే

ఎందుకంటే ఇన్సర్షన్‌లో వర్స్ట్ కేస్ రెండింటికీ ఒకటే: ఒకచోట సింగిల్ లేదా డబుల్ రొటేషన్, అంటే మహా అయితే రెండు. పైన చూసిన 25 లాంటి చోట రెడ్-బ్లాక్ రొటేషన్ లేకుండా తప్పించుకుంటుంది, అది నిజమే. కానీ గట్టి తేడా డిలీషన్‌లో ఉంది. ఏవీఎల్‌లో ఒక్క డిలీషన్‌కి రూట్ దాకా ప్రతి మెట్టు దగ్గరా తిప్పాల్సి రావచ్చు, అంటే O(log n). రెడ్-బ్లాక్‌లో మూడు దాటవు. ఇది రాయండి. దాని పక్కనే ఎత్తు సంగతి కూడా: ఏవీఎల్ ఎత్తు సుమారు 1.44 log₂ n లోపల ఉంటుంది, రెడ్-బ్లాక్ 2 log₂(n+1) వరకు వెళ్లొచ్చు. కాబట్టి వెతకడం ఎక్కువైతే ఏవీఎల్, పెట్టడం, తీయడం ఎక్కువైతే రెడ్-బ్లాక్. జావా TreeMap, లినక్స్ కెర్నెల్ rbtree రెండోదాన్నే ఎంచుకున్నాయి.

మరి పరీక్షలో ఏది వస్తుంది?

గేట్ కంప్యూటర్ సైన్స్ అయితే ఏవీఎల్ వైపే మొగ్గు. 2009లో 7 నోడ్ల ఏవీఎల్ ట్రీకి గరిష్ఠ ఎత్తు అడిగారు, ఒక్క నోడ్ ఎత్తు 0 అనుకోమని. దానికి కనీస నోడ్ల లెక్క చాలు: N(h) = N(h-1) + N(h-2) + 1. వరుసగా 1, 2, 4, 7 వస్తాయి, అంటే జవాబు 3. ఒక్క నోడ్‌ని ఎత్తు 1 అని లెక్కపెట్టే అలవాటున్నవాళ్లు 4 వేస్తారు, ప్రశ్నలో ఆ వాక్యం ఎప్పుడూ వదలొద్దు. 2020లో n నోడ్లున్న ఏవీఎల్‌లో ఇంకో n² ఎలిమెంట్లు పెట్టడానికి వర్స్ట్ కేస్ ఎంత అన్నారు. log n² అంటే 2 log n కాబట్టి Θ(n² log n). రెండూ ఎత్తు మీద ఆధారపడినవే, ట్రీ గీయాల్సిన పనే లేదు. ఏవీఎల్ ఎత్తుకి ఇలా కచ్చితమైన అంకె వస్తుంది కాబట్టి ఒక్క అంకె జవాబుగా ఉండే ప్రశ్న తయారు చేయడం సులువు అని నా అనుమానం.

సెమిస్టర్ పరీక్షల లెక్క వేరు. జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్18 డేటా స్ట్రక్చర్స్ సిలబస్‌లో ఏవీఎల్‌కి డెఫినిషన్, ఎత్తు, ఇన్సర్షన్, డిలీషన్, సెర్చింగ్ విడివిడిగా ఉంటాయి. రెడ్-బ్లాక్, స్ప్లే ట్రీలకి పేర్లే ఉంటాయి. అందువల్ల కీలు ఇచ్చి గీయమనే పెద్ద ప్రశ్నకి ముందు ఏవీఎల్ సిద్ధం చేసుకోండి, రొటేషన్ ప్రతి అడుగూ బొమ్మతో సహా. రెడ్-బ్లాక్‌కి ప్రాపర్టీలు, ఏవీఎల్‌తో తేడాలు, ఈ పైన చేసినంత పొడవున్న ఒక్క ఇన్సర్షన్ చేతికి అలవాటైతే సరిపోతుంది. టైమ్ తక్కువుంటే రెడ్-బ్లాక్ డిలీషన్ నేనైతే వదిలేస్తా. అందులో కేసులు ఎక్కువ, అవి నేర్చుకునే టైమ్‌లో ఏవీఎల్ డిలీషన్ రెండుసార్లు ప్రాక్టీస్ చేసుకోవచ్చు.