ఫ్యాన్ కాయిల్ నీళ్ల లెక్క – 5వ పాఠం: చేతి బ్యాలెన్సింగా, పీఐసీవీనా?

పోయిన పాఠంలో ఒక్కో గదికి ఎంత నీరు కావాలో లెక్క కట్టాం. 1.5 టన్నుల ఫ్యాన్ కాయిల్, వెళ్లే నీటికీ తిరిగొచ్చే నీటికీ 5.5 డిగ్రీల తేడా అనుకుంటే నిమిషానికి సుమారు 13.6 లీటర్లు, అంటే గంటకి 0.82 ఘనపు మీటర్లు. ఆ నీరు ప్రతి గదికీ అంతే అందేలా, తక్కువా కాకుండా ఎక్కువా కాకుండా, ఎలా చూడాలన్నది ఈసారి సంగతి. దారులు రెండు: గది గదికీ వాల్వ్ చేతితో సర్దడం, లేదా బయట ఒత్తిడి మారినా ప్రవాహం మారనివ్వని ప్రెషర్ ఇండిపెండెంట్ కంట్రోల్ వాల్వ్, అంటే పీఐసీవీ, పెట్టడం.

లెక్క కోసం బరంపురంలో ఒక నాలుగంతస్తుల హోటల్ అనుకుందాం. 24 గదులు, అన్నిట్లో అదే 1.5 టన్నుల యూనిట్, కింద పంప్ రూమ్, పైకి వెళ్లే నిలువు మెయిన్ పైపు, అంటే రైజర్, ఒకటే. పంప్ రూమ్‌కి దగ్గరి గదిని మొదటి గది అనీ, నాలుగో అంతస్తు చివరి గదిని చివరి గది అనీ పిలుద్దాం. బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి వైపు పనిచేసే మన వాళ్లకి ఇలాంటి హోటళ్లు, కల్యాణ మండపాలే ఎక్కువ తగులుతాయి కాబట్టి ఈ సైజు తీసుకున్నాను.

ముందు చివరి గది సంగతి. కాయిల్ 15 కిలోపాస్కల్స్ ఒత్తిడి తింటుంది, స్ట్రైనర్, చిన్న పైపు, ఐసొలేషన్ వాల్వులు కలిపి 4. కంట్రోల్ వాల్వ్ కేవీ, అంటే 1 బార్ ఒత్తిడి తేడాకి గంటకి ఎన్ని ఘనపు మీటర్లు పోతాయో ఆ అంకె, 2.5ది పెట్టాం, అది ఎంత తింటుందంటే

```
Q = Kv × √Δp     (Q: m³/h, Δp: bar)
Δp = (0.82 / 2.5)² ≈ 0.11 bar ≈ 11 kPa
```

బ్యాలెన్సింగ్ వాల్వ్ చివరి గదిలో పూర్తిగా తెరిచే ఉంచుతాం అన్నా, మీటర్ పెట్టి కొలవడానికి కనీసం 3 కిలోపాస్కల్స్ ఉండాలి. మొత్తం 33. అన్ని గదులూ నడుస్తున్నప్పుడు పైకి వెళ్లే, తిరిగొచ్చే మెయిన్ పైపులు కలిపి 42 తింటాయి అనుకోండి, అప్పుడు కింద హెడర్ దగ్గర పంప్ 75 ఇవ్వాలి. మొదటి గది దాకా పోయేది 5 మాత్రమే, కాబట్టి అక్కడ 70 మిగులుతుంది. బ్యాలెన్సింగ్ వాల్వ్ కాకుండా ఆ గదికి నిజంగా కావలసింది 30. మిగతా 40ని బ్యాలెన్సింగ్ వాల్వ్ బిగించి అక్కడే ఖర్చు పెట్టాలి, లేకపోతే నీరంతా కిందే తిరిగి పోతుంది, నాలుగో అంతస్తు వాళ్లు రిసెప్షన్‌కి ఫోన్ చేస్తారు.

చేతి బ్యాలెన్సింగ్ అంటే ఇదే. మీటర్ పట్టుకుని గది గదికీ వెళ్లి సర్దడం, ఒకటి సర్దితే పక్కవి మారతాయి కాబట్టి మళ్లీ తిరిగి రావడం. ఓపికగా చేస్తే, అన్ని గదులూ ఆన్‌లో ఉన్న ఆ ఒక్క పరిస్థితిలో, ప్రవాహం చక్కగానే కుదురుతుంది. ఒక మాట మాత్రం గుర్తుంచుకోండి. వాల్వులన్నీ ఒకే సైజు ఆర్డర్ పెడితే చివరి గదికి సరిపోయే సైజు మొదటి గదిలో దాదాపు మూసినట్టు ఉంటుంది, అంత తక్కువ తెరుపులో మీటర్ చూపించే అంకెని నమ్మలేం.

అసలు తేడా వచ్చేది హోటల్ చాలావరకు ఖాళీగా ఉన్నప్పుడు. 24 గదుల్లో ఆరే నడుస్తున్నాయి, మిగతా థర్మోస్టాట్లు వాల్వులు మూసేశాయి. మెయిన్ పైపులో నీరు బాగా తగ్గింది. పైపులో పోయే ఒత్తిడి ప్రవాహానికి వర్గంలో తగ్గుతుంది కాబట్టి ఆ 42 కాస్తా 5కి దగ్గరగా వచ్చేస్తుంది. పంప్ హెడర్ దగ్గర 75నే పట్టి ఉంచుతోంది. అంటే చివరి గదికి ఇప్పుడు 33 కాదు, 70 అందుతోంది. 70ని 33తో భాగించి వర్గమూలం తీస్తే 1.46. నిమిషానికి 13.6 పోవలసిన చోట దాదాపు 20 లీటర్లు పోతోంది.

గదికి దీనివల్ల నష్టం లేదు, లాభం కూడా పెద్దగా లేదు, ఎందుకంటే నీరు 46 శాతం పెరిగితే కాయిల్ ఇచ్చే చల్లదనం పది శాతం దగ్గరే పెరుగుతుంది. నష్టం చిల్లర్‌కీ పంప్‌కీ. నీరు వేడెక్కకుండానే తిరిగొస్తుంది, 5.5 డిగ్రీల తేడా నాలుగు దగ్గరికి పడిపోతుంది. సైట్‌లో ఇది పట్టుకోవడం తేలిక: మధ్యాహ్నం గదులు నిండుగా ఉన్నప్పుడు, రాత్రి తక్కువ గదులు నడుస్తున్నప్పుడు హెడర్ మీద రెండు థర్మామీటర్లూ చదివి రాసుకోండి. లోడ్ తగ్గిన కొద్దీ ఆ తేడా కుంగిపోతుంటే నీరు ఎక్కువ పోతున్నట్టే. నీటిని కాయిల్ పక్కనుంచి తిప్పి పంపేసే త్రీవే వాల్వులో, తెరిచి వదిలేసిన బైపాసో ఉన్నా ఇలాగే కనిపిస్తుంది కాబట్టి ముందు అవి ఉన్నాయేమో చూసుకోండి.

చాలామంది ఇక్కడ ఒక ఉపాయం చేస్తారు, ప్రెషర్ సెన్సర్‌ని పంప్ దగ్గర నుంచి తీసి రైజర్ చివర పెట్టి, అక్కడ 33 పట్టమని పంప్ వేగం మార్చే వీఎఫ్‌డీకి చెబుతారు. కరెంటు ఆదా అవుతుంది, నిజమే. కానీ చేతితో బ్యాలెన్స్ చేసిన సిస్టమ్‌లో ఇది ఎదురు తిరుగుతుంది. ఆరు గదులు నడుస్తున్నప్పుడు పంప్ నెమ్మదించి కింద మొదటి గదికి 35 మాత్రమే ఇస్తుంది, ఆ గది బ్యాలెన్సింగ్ వాల్వ్ మాత్రం 70 వస్తుందన్న లెక్కతో బిగించి ఉంది. ఒత్తిడి సగమైతే నీరు 0.71 వంతు, అంటే 9.6 లీటర్లు. కొత్తగా దిగిన అతిథి గది చల్లబడటం లేదంటాడు, మెకానిక్ వెళ్లి కాయిల్ శుభ్రం చేసి, ఫిల్టర్ కడిగి వస్తాడు, ఏమీ మారదు. చేతి బ్యాలెన్సింగ్ ఉన్న చోట సెన్సర్ జరిపే ముందు ఈ లెక్క వేయకుండా ఉండకండి.

ఇప్పుడు అథారిటీ. కంట్రోల్ వాల్వ్ పూర్తిగా తెరిచి, డిజైన్ ప్రవాహం పోతున్నప్పుడు దాని మీద పడే ఒత్తిడిని, అది పూర్తిగా మూసినప్పుడు దాని మీద పడే ఒత్తిడితో భాగిస్తే వచ్చేదే అథారిటీ. మన హోటల్లో పంప్ పట్టే 75 మొత్తం మూసిన వాల్వ్ మీద పడొచ్చు, కాబట్టి 11ని 75తో భాగిస్తే 0.15. మంచి కంట్రోల్‌కి 0.5 కావాలంటారు, 0.25కి కిందకి పోనివ్వకూడదంటారు. 0.15 అయితే ఏమవుతుందో లీనియర్ వాల్వ్‌కి చూద్దాం. ఇందులో N అథారిటీ, k వాల్వ్ ఎంత వంతు తెరిచిందో, q ఎంత వంతు నీరు పోతుందో.

```
q = 1 / √((1 − N) + N / k²)
N = 0.15, k = 0.3  →  q ≈ 0.63
N = 0.5,  k = 0.3  →  q ≈ 0.41
```

వాల్వ్ 30 శాతం తెరిస్తేనే నీరు 63 శాతం పోతోంది, పైగా ఆ నీటికి కాయిల్ చల్లదనం దాదాపు 85 శాతం దాకా వచ్చేస్తుంది. మిగిలిన 70 శాతం ప్రయాణంలో వాల్వ్ చేయగలిగింది పెద్దగా లేదు. అందుకే వాల్వ్‌ని కొద్దికొద్దిగా తెరిచి మూసే మాడ్యులేటింగ్ యాక్చువేటర్ కిందనే ఊగుతూ ఉంటుంది, గది ఒకసారి చల్లన, ఒకసారి ఉక్క. ఈక్వల్ పర్సెంటేజ్ వాల్వ్ పెడితే కొంత సర్దుకుంటుంది గానీ పూర్తిగా కాదు.

బ్యాలెన్సింగ్ వాల్వే అథారిటీని తినేస్తుందని చాలామంది నమ్ముతారు, నేను ఒప్పుకోను. ఆ వాల్వ్ తీసేసినా మూసినప్పటి 75 అక్కడే ఉంటుంది, తెరిచినప్పుడు డిజైన్ కన్నా ఎక్కువ నీరు పోతుంది అంతే. అసలు కారణం, వాల్వ్ కేవీ పెద్దదవడం, ఆ చోట అందే ఒత్తిడి దాని అవసరం కన్నా చాలా ఎక్కువ కావడం. కేవీ 1.6ది పెడితే 26 తింటుంది, పంప్‌ని 90కి పెంచాలి, అథారిటీ 0.29 అవుతుంది. బాగుపడింది, కానీ దానికి పంప్ కరెంటు ఏళ్ల తరబడి కట్టాలి.

ఇంకో మాట, ఇది లేకుండా పాఠం సగమే. హోటల్ గదుల్లో ఎక్కువగా ఉండేది ఆన్-ఆఫ్ వాల్వ్. తెరిస్తే పూర్తిగా, మూస్తే పూర్తిగా. దానికి అథారిటీతో పనే లేదు, తెరిచినప్పుడు ఎంత నీరు పోతోందన్నదే చూడాలి. అథారిటీ పేరు చెప్పి ఆన్-ఆఫ్ గదులకి పీఐసీవీ అమ్మడానికి వచ్చిన వాళ్లని, అథారిటీ దేనికో ముందు అడగండి. పీఐసీవీ అక్కడ కూడా పనికొస్తుంది, కానీ ప్రవాహం కచ్చితత్వం కోసం.

పీఐసీవీలో ఒకే బాడీలో రెండు పనులు ఉంటాయి. లోపల స్ప్రింగ్, డయాఫ్రం ఉన్న ఒక రెగ్యులేటర్, దాని పక్కన మామూలు కంట్రోల్ సీటు. బయట ఒత్తిడి పెరిగినా తగ్గినా రెగ్యులేటర్ సర్దుకుని సీటు మీద ఒత్తిడిని ఒకేలా ఉంచుతుంది. కాబట్టి సీటుకి అథారిటీ దాదాపు 1, ప్రవాహం డయల్ మీద పెట్టినంతే. మన గదికి గంటకి 818 లీటర్లు, వాల్వ్ గరిష్ఠం 1000 అయితే, డయల్ 82 శాతం. పూర్తి కచ్చితం అనుకోవద్దు, ఐదు నుంచి పది శాతం అటూ ఇటూ ఉంటుంది. ఒత్తిడి పెరుగుతూ వచ్చినప్పటి అంకె, తగ్గుతూ వచ్చినప్పటి అంకె కూడా కొంచెం వేరుగా ఉంటాయి.

దీనికి ఒక షరతు ఉంది, కనీస ఒత్తిడి. చిన్న సైజుల్లో సాధారణంగా 15 నుంచి 30 కిలోపాస్కల్స్, మీ మోడల్ డేటా షీట్లో కచ్చితంగా చూడండి. అంతకన్నా తక్కువైతే రెగ్యులేటర్ పూర్తిగా తెరుచుకుని కూర్చుంటుంది, పీఐసీవీ మామూలు వాల్వ్ అయిపోతుంది. మన చివరి గదిలో 20 కావాలనుకుంటే, కాయిల్ 15, మిగతా 4, మొత్తం 39. ఇప్పుడు సెన్సర్‌ని ధైర్యంగా రైజర్ చివర పెట్టి 40 పట్టమనండి. గదులన్నీ నడిచినా, ఆరే నడిచినా ఏ గదికీ 40కి తగ్గదు. ఎక్కువైనదాన్ని ప్రతి వాల్వూ తనే మింగుతుంది. దీనితో వరుసలో చేతి బ్యాలెన్సింగ్ వాల్వ్ పెట్టొద్దు, అది ఒత్తిడి దొంగిలించడం తప్ప చేసేదేమీ ఉండదు.

పెట్టాక పరీక్ష ఇలా. చివరి గది వాల్వ్ పూర్తిగా తెరిచి టెస్ట్ పాయింట్ల మీద ఒత్తిడి తేడా చూపే డీపీ మీటర్ పెట్టండి. 20 పైన ఉంటే సరే. 12 వచ్చిందంటే తప్పు వాల్వ్‌ది కాదు, స్ట్రైనర్, సగం మూసిన ఐసొలేషన్ వాల్వ్, పంప్ సెట్‌పాయింట్ చూడండి. 35 వచ్చి కూడా గది చల్లబడకపోతే అప్పుడు గాలి, డయల్, యాక్చువేటర్ పూర్తిగా ఎత్తుతోందా, లోపల చెత్త ఇరుక్కుందా అన్నవి వరుసగా. రెగ్యులేటర్ బతికుందో లేదో తెలియాలంటే పంప్ సెట్‌పాయింట్ 40 నుంచి 60కి పెంచండి. మీటర్ అంకె పెరగాలి, కాయిల్ ముందూ వెనకా నీటి ఉష్ణోగ్రత తేడా మాత్రం దాదాపు కదలకూడదు. అది కూడా తగ్గితే రెగ్యులేటర్ పట్టు వదిలింది.

చెత్త దీనికి పెద్ద శత్రువు. వెల్డింగ్ తుక్కు, తుప్పు, టేపు ముక్కలు లోపలి సన్నని దారుల్లో చిక్కుకుంటాయి. ఫ్లషింగ్ చేసేటప్పుడు నీటిని కాయిల్ బైపాస్ మీదుగా తిప్పండి, బైపాస్ లేకపోతే పీఐసీవీ చోట తాత్కాలికంగా పైపు ముక్క వేయండి.

మరి ఏది పెట్టాలి? హోటల్ వాళ్లు ఈ ఏడాది రెండంతస్తులు, వచ్చే ఏడాది మిగతా రెండు తెరుస్తామంటే పీఐసీవీనే, లేకపోతే పై అంతస్తులు కలిపిన రోజు కింద అన్ని గదులూ మళ్లీ బ్యాలెన్స్ చేయాలి. వీఎఫ్‌డీ ఉండి లోడ్ బాగా మారే చోట కూడా నా మాట అదే. ఆరేడు యూనిట్లు, త్రీవే వాల్వులు, ఎప్పుడూ ఒకే ప్రవాహం అయితే చేతి బ్యాలెన్సింగ్ చాలు, అక్కడ పీఐసీవీ డబ్బు దండగ. మధ్యస్థంగా ఒక దారి ఉంది: ప్రతి అంతస్తు బ్రాంచి మీద ఒక డిఫరెన్షియల్ ప్రెషర్ కంట్రోల్ వాల్వ్, గదుల్లో చేతి బ్యాలెన్సింగ్. దాని లెక్క ఆరో పాఠంలో.

అప్పటిదాకా ఈ లెక్క చేసి ఉంచండి. 1 టన్ను యూనిట్, నిమిషానికి 9.1 లీటర్లు, కంట్రోల్ వాల్వ్ కేవీ 1.6, పంప్ పట్టే ఒత్తిడి 60 కిలోపాస్కల్స్. అథారిటీ ఎంత? వాల్వ్ 30 శాతం తెరిస్తే నీరు ఎంత శాతం పోతుంది?