చాయ్‌లో చక్కెర లెక్క

పాలమూరు బస్టాండు దగ్గర చాయ్ తాగేవాళ్లు రొట్టెలు లెక్కపెట్టుకుంటారు గానీ చాయ్‌లు లెక్కపెట్టరు. కప్పుకు రెండు చెంచాలంటే దాదాపు 10 గ్రాముల చక్కెర. రోజుకు అయిదు చాయ్‌లైతే 50 గ్రాములు, అంటే పాలు కాక 200 క్యాలరీలు. ఇంచుమించు రెండు జొన్నరొట్టెలంత! రొట్టెలు తింటే కడుపు నిండుతుంది, తాగిన చక్కెరకు ఆకలి పెద్దగా తగ్గదు. అందుకే మధ్యాహ్నం అన్నం మామూలుగానే తింటాం, బరువు మెల్లగా పెరుగుతుంది.

ఇంట్లో వారానికి అర చెంచా చొప్పున తగ్గించండి, నాలుక అలవాటు పడుతుంది. బెల్లం చాయ్‌కి మారితే లాభం లేదు, క్యాలరీలు దాదాపు అంతే. హోటల్లో చక్కెర ముందే కలిపి మరిగిస్తారు, తగ్గించమంటే కుదరదు. అక్కడ చక్కెర లేకుండా విడిగా పెట్టమనండి, లేదంటే సగం కప్పే తీసుకోండి.