షాపు అద్దెదారుకు లీగల్ నోటీసు: సరైన అడ్రస్ ఎలా తేల్చుకోవాలి?

అద్దె ఒప్పందం, అద్దె రసీదులు, ఆ షాపు ఇచ్చిన బిల్లు ఒకటి ముందు పెట్టుకోండి. ఒప్పందంలో ఉన్న పేరు, తండ్రి పేరు, ఇంటి అడ్రస్ కాగితం మీద రాసుకోండి. ఇక్కడిదాకా పది నిమిషాల పని.

అసలు తప్పు జరిగేది దీని తర్వాతే. చాలామంది షాపు బోర్డు మీద ఉన్న పేరునే కవరు మీద రాసేస్తారు. ఒక్కరే నడిపే వ్యాపారానికి చట్టం దృష్టిలో యజమానిని కాదని వేరే ఉనికి లేదు. కాబట్టి నోటీసు మనిషి పేరు మీద వెళ్లాలి, షాపు పేరు దాని కింద ఉండాలి.

ఆ మనిషి ఎవరో బిల్లు చెబుతుంది. దాని మీద 15 అక్షరాల జీఎస్టీ నంబర్ ఉంటే, జీఎస్టీ వెబ్‌సైట్‌లో `Search Taxpayer` దగ్గర కొట్టండి. `Legal Name of Business`లో అసలు పేరు, `Constitution of Business`లో అది సొంత వ్యాపారమా, భాగస్వామ్యమా, కంపెనీయా అన్నది, `Principal Place of Business`లో నమోదైన అడ్రస్ కనిపిస్తాయి. కంపెనీ అని వస్తే రిజిస్టర్డ్ ఆఫీసుకు పంపాలి, షాపుకు పంపి ఊరుకోకూడదు.

నేను చూసిన ఒక కేసులో ఒప్పందం అన్న పేరు మీద ఉంది, జీఎస్టీ తమ్ముడి పేరు మీద ఉంది. షాపు అద్దెకిచ్చిన యజమాని నోటీసును తమ్ముడికి మాత్రమే పంపారు. అద్దెదారు అన్నే కాబట్టి మళ్లీ మొదటి నుంచి పంపాల్సి వచ్చింది. పేర్లు తేడాగా ఉంటే ఒప్పందంలో సంతకం చేసిన మనిషిదే ముందు. రెండో వ్యక్తికి కూడా ఒక కవరు పంపండి.

ఇప్పుడు స్వయంగా వెళ్లి డోర్ నంబర్ చూడండి. మున్సిపాలిటీ నంబర్లు మార్చి ఉంటే పాతది, కొత్తది రెండూ రాయాలి. అద్దెదారుకే ఫోన్ చేసి అడ్రస్ అడగకండి. నోటీసు వస్తోందని తెలిసిపోతుంది, చెప్పే అడ్రస్‌ను నమ్మనూ లేం. పోస్ట్‌మ్యాన్‌ను అడిగితే మనిషి ఇంకా అక్కడే ఉంటున్నాడో లేదో తెలుస్తుంది.

కవర్లు రెండు ఉండాలి: ఒకటి షాపుకు, ఒకటి ఇంటికి. రెండూ పోస్టాఫీసులో రసీదు, డెలివరీ రుజువు వచ్చే పద్ధతిలోనే పంపాలి. సరైన అడ్రస్‌కు, పూర్తి చార్జీ కట్టి రిజిస్టర్డ్ పోస్టులో పంపితే అందినట్టే భావించమని 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 27వ సెక్షన్ చెబుతుంది. అందలేదని అవతలివాళ్లు నిరూపించుకోవచ్చు. అయితే అడ్రస్ తప్పయితే ఆ రక్షణే మీకు ఉండదు.

కవరు తిరిగొస్తే పోస్ట్‌మ్యాన్ రాసిన మాట చదవండి. 'తీసుకోలేదు' అని ఉంటే సాధారణంగా కోర్టు అందినట్టే చూస్తుంది. 'వెళ్లిపోయారు', 'అడ్రస్ చాలదు' అని ఉంటే మాత్రం తప్పు మీ అడ్రస్‌లో ఉండొచ్చు, మళ్లీ వెతకాలి. ఏది రాసి ఉన్నా ఆ కవరును చించకండి, అలాగే మూసి ఉంచి రసీదుతో కలిపి లాయరుకు ఇవ్వండి.